డిమ్మర్ మీద ఎల్‌ఈడీ బల్బులు మిణుకుమంటే, గుయ్‌మంటే: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

"హాల్లో పాత బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టించామండి. డిమ్మర్ సగానికి తగ్గిస్తే చాలు, మిణుకు మిణుకుమంటున్నాయి. పైగా గుయ్‌మని ఒకటే చప్పుడు. బల్బులు మంచివి కావా, డిమ్మర్ పోయిందా?"

కోనసీమలోనూ, ఇటు పాలకొల్లు, భీమవరం వైపూ ఇళ్లకు వైరింగు పనికి వెళ్తే ఈ మాట వినని నెల లేదు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. చాలా ఇళ్లలో బల్బూ బాగానే ఉంటుంది, డిమ్మరూ బాగానే ఉంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే అసలు గొడవ. అది ఎక్కడ కుదరలేదో తెలిస్తే ఏది మార్చాలో తెలుస్తుంది. తెలియకుండా మార్చుకుంటూ పోతే మూడోసారి కొన్న బల్బు కూడా మిణుకుమంటూనే ఉంటుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఒకటి. పరీక్ష మొత్తం దీనిమీదే నడుస్తుంది. పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. 60 దొరక్కపోతే 40 తీసుకోండి.
- టెస్టరు, స్క్రూడ్రైవరు, ఇన్సులేషన్ టేపు.
- కెమెరా ఉన్న ఫోను.
- టార్చిలైటు. ఎంసీబీ దించాక హాలు చీకటిగా ఉంటుంది.
- మీ ఎల్‌ఈడీ బల్బుల అట్టపెట్టెలు, పారేయకుండా ఉంటే.
- పక్కన ఇంకొక మనిషి. మీరు స్టూలు మీద ఉన్నప్పుడు ఎంసీబీ దగ్గర ఒకరు ఉండాలి.

మల్టీమీటరు తప్పనిసరి కాదు. ఉన్నా దాని రీడింగును అప్పుడే నమ్మకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు ఇది చదవండి: డిమ్మర్ నాబ్ కింది దాకా తిప్పి బల్బు ఆరిపోయింది కదా అని హోల్డర్‌లో వేలు పెట్టకండి. నాబ్ చివర "టిక్" మనే స్విచ్చి లేని డిమ్మర్ అయితే లైను తెగదు. బల్బు వెలగకపోయినా హోల్డర్ దాకా కరెంటు ఉంటుంది, అది షాక్ కొడుతుంది. బల్బు మార్చే ప్రతిసారీ ఎంసీబీ దించి, టెస్టరు పెట్టి చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. డిమ్మర్ డబ్బా విప్పి లోపలి భాగాలు ముట్టుకోవడం ఈ పనిలో ఎక్కడా లేదు.

డిమ్మర్ లోపల జరిగేది, అవసరమైనంత వరకు

మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్లు. ఒక్కో సైకిల్లో వోల్టేజి ఒకసారి పైకి లేచి సున్నాకు వస్తుంది, ఒకసారి కిందికి దిగి సున్నాకు వస్తుంది. ఇవి రెండు అర సైకిళ్లు. ఒక్కో అర సైకిలు 10 మిల్లీసెకండ్లు. దాని నడినెత్తిన వోల్టేజి 230 కాదు, సుమారు 325.

డిమ్మర్ వోల్టేజిని తగ్గిస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ నాబ్ ఉన్న మామూలు డిమ్మర్ చేసేది ఆలస్యం. లోపల ట్రయాక్ అనే చిన్న భాగం ఉంటుంది. అర సైకిలు మొదలవగానే అది మూసుకుని ఉంటుంది. నాబ్ వెనకున్న రెసిస్టరు గుండా ఒక చిన్న కెపాసిటర్ మెల్లగా నిండుతుంది. అది సుమారు 32 వోల్టులకు చేరగానే డయాక్ అనే భాగం తెరుచుకుని ట్రయాక్‌ను తట్టి లేపుతుంది. అక్కడినుంచి ఆ అర సైకిలు ముగిసేదాకా బల్బుకు కరెంటు వెళ్తుంది. నాబ్ తగ్గించారంటే కెపాసిటర్ నిండటం ఆలస్యమవుతుంది, బల్బుకు దక్కే ముక్క చిన్నదవుతుంది. ఈ కోత సెకనుకు 100 సార్లు జరుగుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ట్రయాక్‌ను తెరవడం డిమ్మర్ చేతిలో ఉంది, మూయడం దాని చేతిలో లేదు. కాలవ తూముకు ఒక తలుపు ఉందనుకోండి. ఎత్తడానికి ఒకసారి తడితే చాలు, ఆ తర్వాత నీటి తోపుడే దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. నీరు సన్నబడితే అదే పడిపోతుంది. ట్రయాక్ అచ్చం ఇలాంటిదే. అందులో పారే కరెంటు ఒక హద్దు కంటే తగ్గితే మూసుకుపోతుంది. డిమ్మర్లలో ఎక్కువగా కనిపించే BT136 అనే ట్రయాక్‌కు ఈ హద్దు 15 మిల్లీయాంపుల దాకా ఉండొచ్చు.

60 వాట్ల ఫిలమెంట్ బల్బు 260 మిల్లీయాంపులు లాగుతుంది. అర సైకిలు చివరిదాకా తెంపు లేకుండా లాగుతుంది కాబట్టి తలుపు నిలబడే ఉంటుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ లెక్కప్రకారం 40 మిల్లీయాంపులే. అది కూడా తెంపు లేకుండా లాగదు. బల్బు లోపల ఎల్‌ఈడీకి తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే సర్క్యూటును డ్రైవరు అంటారు. చాలా బల్బుల్లో ఆ డ్రైవరు ముందు ఒక కెపాసిటర్ ఉంటుంది. ట్రయాక్ తెరుచుకోగానే అది ఒక్క గుక్కలో నిండిపోతుంది. ఆ తర్వాత లైన్లో వోల్టేజి కెపాసిటర్ కంటే తక్కువైపోతుంది కనుక కరెంటు ఆగిపోతుంది, తలుపు పడిపోతుంది. ఇంకా సైకిలు మిగిలే ఉంది కాబట్టి డయాక్ మళ్లీ తట్టవచ్చు. ఒక అర సైకిల్లో ఒకసారి తెరుచుకుని, తర్వాతి దాంట్లో రెండుసార్లు తెరుచుకుని, ఆ తర్వాత అసలు తెరుచుకోకపోతే వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. ఆ లెక్క తప్పడమే మీ కంటికి మిణుకుగా కనిపిస్తోంది. సెకనుకు 100 సార్లు ఒకే తీరుగా కోస్తే మామూలుగా కన్ను పట్టుకోలేదు.

ఇంకో చిక్కు ఉంది. మన స్విచ్ బోర్డుల్లో డిమ్మర్‌కు వచ్చేవి రెండు వైర్లే, న్యూట్రల్ రాదు. అంటే లోపలి కెపాసిటర్ నిండాలన్నా ఆ కొంచెం కరెంటు బల్బు గుండానే పోవాలి. ఫిలమెంట్ బల్బు అయితే దానికి తెరిచిన దారి. ఎల్‌ఈడీ డ్రైవరు ఆ దారిని ఒకసారి తెరుస్తుంది, ఒకసారి మూస్తుంది. దాంతో డిమ్మర్ గడియారమే తప్పుతుంది.

దశ 1: మిణుకుతున్నది ఆ గదేనా, ఇల్లంతానా?

సాయంత్రం ఏడింటప్పుడు చూడండి. డిమ్మర్ లేని వంటింటి లైటు కూడా అదే సమయంలో తగ్గి పెరుగుతుంటే ఈ వ్యాసం మీకు కాదు. మన వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు ఆన్ చేసేటప్పుడు, రైసుమిల్లు మోటారు ఎత్తేటప్పుడు లైను వోల్టేజి ఒక్కసారి పడి లేస్తుంది. ఆ దెబ్బ ఇల్లంతటికీ తగులుతుంది. కొన్ని లైట్లు తగ్గుతుంటే మరికొన్ని పెరుగుతున్నాయంటే న్యూట్రల్ వదులై ఉండొచ్చు. అది ప్రమాదం. మెయిన్ ఆపి ఆ రోజే లైన్‌మన్‌కు చెప్పండి.

డిమ్మర్ మీదున్న లైట్లు మాత్రమే ఆడుతుంటే ముందుకు వెళ్లండి.

దశ 2: గోడలో ఉన్నది అసలు డిమ్మరేనా?

నవ్వకండి, ఇది చాలాచోట్ల చూశాను. ఫ్యాను రెగ్యులేటరును లైటుకు కలిపి ఉంటారు. నాబ్ తిప్పుతుంటే ఒకటి, రెండు, మూడు అని గట్టి గట్టి మెట్లుగా ఆగుతుంటే అది చాలావరకు కెపాసిటర్లతో చేసిన ఫ్యాను రెగ్యులేటరు. అందులో కోత ఉండదు. ఎల్‌ఈడీకి దాన్ని వాడకండి, వెంటనే తీసేయండి. నాబ్ మెత్తగా, మెట్లు లేకుండా తిరిగితే చాలావరకు ట్రయాక్ డిమ్మర్.

ఎంసీబీ దించి ప్లేటు మరలు విప్పి, డిమ్మర్ వెనకో పక్కనో రాసినది చదవండి. వాట్లు రెండు అంకెల్లో ఉంటే, ఉదాహరణకు 60–400, మొదటిది కనీస లోడు, అంటే ఆ డిమ్మర్ మీద బల్బులన్నీ కలిపి కనీసం ఉండవలసిన వాట్లు. ఈ చిన్న అంకెను చూడకపోవడం వల్లే సగం గొడవలు. ఎల్‌ఈడీకి విడిగా ఇంకో అంకె ఇచ్చి ఉంటే అదే మీ హద్దు. అది ఫిలమెంట్ హద్దు కంటే బాగా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఎల్‌ఈడీ గుక్కలో లాగే కరెంటు దాని వాట్ల కంటే చాలా పెద్దది.

విప్పారు కాబట్టి వైర్ల చివర్లు కూడా టార్చి వేసి చూడండి. మన ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము ఉంటే గీకి, వైరు కొత్తగా ఒలిచి, మర బిగించండి. మర వదులుగా ఉండి ప్లాస్టిక్ నల్లబడి ఉంటే ఆ డిమ్మర్‌ను మళ్లీ పెట్టకండి.

దశ 3: ఒక్క ఫిలమెంట్ బల్బుతో పరీక్ష

ఆ డిమ్మర్ మీదున్న ఎల్‌ఈడీలన్నీ తీసేయండి. ఒకే హోల్డర్లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. సీలింగు లైట్లకు హోల్డర్ లేకపోతే, ఎంసీబీ దించి, ఒక లైటు వైర్లకు తాత్కాలికంగా హోల్డర్ కట్టి టేపు వేయండి. ఇప్పుడు నాబ్‌ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నెమ్మదిగా తిప్పండి.

బల్బు వెలుగు సాఫీగా తగ్గి పెరిగితే డిమ్మర్ బాగుంది. ఇక దాన్ని అనుమానించకండి. ఈ బల్బు కూడా అదిరితే డిమ్మర్ పోయింది, లేదా దశ 2లో చూడవలసిన వైరు వదులు ఇంకా ఉంది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. కింది నుంచి నాబ్ పెంచుకుంటూ వస్తే కొంతదూరం ఏమీ వెలగదు, తర్వాత ఒక్కసారిగా గుప్పున వెలుగుతుంది. చవక డిమ్మర్లన్నిటికీ ఈ గుణం ఉంది. మొదటిసారి ట్రయాక్ తెరుచుకున్నాక కెపాసిటర్లో మిగిలే చార్జి మారి, తర్వాతి సైకిళ్లలో ముందే తెరుచుకుంటుంది. అది చెడిపోయిన గుర్తు కాదు. మంద వెలుగు కావాలంటే ముందు పెంచి, తర్వాత తగ్గించుకోవాలి.

దశ 4: ఒకటి ఫిలమెంట్, మిగతావి ఎల్‌ఈడీలు

అసలు తీర్పు ఇక్కడే వస్తుంది. 60 వాట్ల బల్బును అలాగే ఉంచి, మిగతా హోల్డర్లలో మీ ఎల్‌ఈడీలు పెట్టండి. నాబ్‌ను పూర్తిగా, ముప్పావుకు, సగానికి, పావుకు, అడుగుకు పెట్టి ఒక్కోచోట నిమిషం ఆగి చూడండి.

ఎల్‌ఈడీలు ఇప్పుడు నిలకడగా వెలిగి, నాబ్‌తోపాటు సాఫీగా తగ్గితే మీ బల్బులు మంచివే. ముందు చాలనిది లోడు. ఫిలమెంట్ బల్బు ట్రయాక్ తలుపును ఎత్తి పట్టుకుంది, డిమ్మర్ గడియారానికి దారి ఇచ్చింది, అందుకే నిలబడ్డాయి.

ఫిలమెంట్ సాఫీగా తగ్గుతున్నా ఎల్‌ఈడీలు మిణుకుతూనే ఉన్నా, అస్సలు తగ్గకుండా చివర్లో ఒక్కసారి ఆరిపోయినా ఆ బల్బులు డిమ్మర్‌కు పనికిరావు. పెట్టె మీద "డిమ్మబుల్" అని రాసి ఉండదు చూడండి.

ఎందుకు తగ్గవో లెక్క చూస్తే తేటగా ఉంటుంది. నాబ్ తగ్గించి ఆలస్యం 2 మిల్లీసెకండ్లు చేశారు. ట్రయాక్ తెరుచుకునేసరికి లైన్లో 191 వోల్టులు ఉన్నాయి, తర్వాత అది 325కు ఎక్కుతుంది. బల్బు కెపాసిటర్ 325కు నిండుతుంది, వెలుగు మారదు. ఆలస్యం 5 మిల్లీసెకండ్లు చేశారు. సరిగ్గా నడినెత్తిన తెరుచుకుంటుంది, మళ్లీ 325. ఫిలమెంట్ బల్బుకు ఈపాటికి కరెంటు ముక్క సగమైపోయింది, ఎల్‌ఈడీకి తేడాయే తెలియదు. 8 మిల్లీసెకండ్లకు తెరిస్తే లైన్లో 191 వోల్టులు మిగిలాయి. తక్కువ వోల్టేజికి తట్టుకునేలా చేసిన డ్రైవరు దాంతో కూడా నిండు వెలుగు ఇవ్వడానికే చూస్తుంది, ఎందుకంటే ఎల్‌ఈడీకి ఒకే కరెంటు ఇవ్వడమే దాని పని. 9 మిల్లీసెకండ్లకు 100 వోల్టులే. అక్కడ డ్రైవరు పడిపోతుంది, కెపాసిటర్ మెల్లగా నిండితే మళ్లీ లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. ఆ పడిలేవడమే నాబ్ అడుగున కనిపించే మిణుకు.

డిమ్మబుల్ డ్రైవరు ఈ కోతను కొలిచి, దాన్ని బట్టి ఎల్‌ఈడీ కరెంటును తగ్గిస్తుంది. తలుపు పడిపోకుండా కొంత కరెంటును కావాలనే లాగుతుంది కూడా. డబ్బు ఎక్కువ పెట్టేది దీనికే.

దశ 5: చప్పుడు ఎక్కడినుంచి?

ఫ్యాన్లు ఆపేయండి. పాత న్యూస్‌పేపరును గొట్టంలా చుట్టి, ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన డిమ్మర్ ప్లేటు దగ్గర పెట్టండి. తర్వాత బల్బు దగ్గర, దానికి తగలకుండా. చప్పుడు ఎక్కడుందో స్పష్టంగా తెలిసిపోతుంది.

నాబ్ సగంలో ఉన్నప్పుడు గుయ్‌మనడం ఎక్కువవుతుంది. కారణం దశ 4లోనే ఉంది: అక్కడ తెరుచుకుంటే సున్నా నుంచి ఒక్కసారిగా 325 వోల్టులకు దూకుతుంది, అదే అన్నిటికంటే పెద్ద దూకు. ఆ దెబ్బకు డ్రైవర్‌లోని కాయిలు చుట్లు, కొన్నిరకాల సిరామిక్ కెపాసిటర్లు సెకనుకు 100 సార్లు సన్నగా కదులుతాయి. మనం వినేది ఆ కదలికే. డిమ్మర్ లోపల కూడా ఒక చోక్ కాయిలు ఉంటుంది, అదీ ఇలాగే మోగుతుంది. లోహపు బోర్డు బాక్సులో ప్లేటు మర వదులైతే బాక్సంతా కలిసి పాడుతుంది. ముందు ఆ మర బిగించి చూడండి, సగం చప్పుడు దానితోనే పోయిన ఇళ్లున్నాయి.

నాబ్ పూర్తిగా పెంచినప్పుడు, అడుగుకు తెచ్చినప్పుడు తగ్గి, నడుమ పెరిగే ఒకే శ్రుతి చప్పుడు కోత వల్ల వచ్చేది. అది విసుగే గాని వెంటనే ప్రమాదం కాదు. ఆగి ఆగి చిటపటమనే చప్పుడు వేరు. అది వదులు కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ. కాలిన వాసన కూడా తోడైతే ఎంసీబీ దించేసి, బాగుచేయించేదాకా ఎత్తకండి.

ఒక ఇంట్లో ఇది ఎలా తేలిందంటే

అంబాజీపేట దగ్గర ఒక పాత మండువా ఇల్లు. రిటైరైన మాస్టారు ఒకాయన, ఆయన భార్య ఉంటారు. హాల్లో నాలుగు వేలాడే హోల్డర్లు, ఒకే డిమ్మర్. పదేళ్లుగా నాలుగు 60 వాట్ల బల్బులు, మొత్తం 240 వాట్లు, ఏ పేచీ లేదు. కొడుకు వచ్చి నాలుగూ తీసి 9 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టి వెళ్లాడు. 36 వాట్లు. ఆ రాత్రి నుంచే మొదలైంది.

"ఏమయ్యా, ఇది దీపమా, మిణుగురు పురుగా? పేపరు చదువుతుంటే కళ్లు లాగేస్తున్నాయి" అన్నారు మాస్టారు. "డిమ్మర్ మార్చేయమంటావా?"

"ఇప్పుడే వద్దండి మాస్టారూ, ముందు ఒక పాత బల్బు ఇప్పించండి" అన్నాను. అటక మీద నాలుగూ పాత పేపర్లో చుట్టి పెట్టారు మామ్మగారు.

ప్లేటు విప్పితే వెనక 60–400 అని ఉంది. ఒక టెర్మినల్ మీద చిలుము పట్టి ఉంది, శుభ్రం చేసి బిగించాను. 60 వాట్ల బల్బు ఒక్కటే పెడితే సాఫీగా ఆడింది, డిమ్మర్ నిర్దోషి అని తేలింది. దానితోపాటు మూడు ఎల్‌ఈడీలు పెట్టాను. పైసగంలో మిణుకు ఆగింది, అంటే లోడు చాలకపోవడం ఒక కారణం. కానీ ముప్పావు నుంచి పావుదాకా తిప్పినా ఎల్‌ఈడీల వెలుగు తగ్గలేదు, అడుగున టపటపా కొట్టుకుని ఆరిపోయాయి, నడుమ గుయ్‌మంటూనే ఉన్నాయి. అంటే డిమ్మబుల్ కాకపోవడం రెండో కారణం. పెట్టెలు చూస్తే నిజంగానే ఆ మాట ఎక్కడా లేదు.

డిమ్మబుల్ 9 వాట్లవి తెప్పించాం. నాలుగూ పెడితే పైన అంతా బాగుంది, చప్పుడు చెవి ఆనిస్తేగాని వినపడలేదు. అడుగున మాత్రం ఒకటి రెండు మిణుకులు మిగిలాయి. 36 వాట్లు, ప్లేటు మీద 60, అది రావలసిందే. రెండు దారులు చెప్పాను: ఎల్‌ఈడీ కోసం చేసిన డిమ్మర్ వేయించుకోవడం, లేదా ఉయ్యాలబల్ల మీద ఉన్న హోల్డర్లో 40 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంచేయడం. 27కు 40 కలిస్తే 67. మామ్మగారికి ఆ పసుపు వెలుగే ఇష్టం, రెండో దారే తీసుకున్నారు. అడుగుదాకా నిలకడగా తగ్గింది.

దశ 6: మీకు ఏది సరిపోతుంది

వెలుగు తగ్గించుకోవలసిన అవసరమే లేకపోతే డిమ్మర్ తీసి మామూలు స్విచ్చి పెట్టేయండి. ఇది అన్నిటికంటే చవక, నా మొదటి సలహా కూడా ఇదే. రెండు రకాల వెలుగు చాలనుకుంటే లైట్లను రెండు స్విచ్చిలకు విడగొట్టించండి. నాబ్‌ను నిండుగా పెట్టి వదిలేస్తే చాలు కదా అని కొందరు అడుగుతారు. నిండుగా పెట్టినా చిన్న కోత ఉంటుంది, డిమ్మబుల్ కాని బల్బుల మీద ఆ గుక్క దెబ్బ పడుతూనే ఉంటుంది. డ్రైవరు వేడెక్కి ముందుగా పోతుంది.

డిమ్మింగు కావాలంటే డిమ్మబుల్ బల్బులు తప్పవు. అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకోండి. రెండు రకాలు కలిపితే ఒకటి ఆరిపోయాక ఇంకొకటి వెలుగుతుంటుంది.

వాటితోనూ అడుగున మిణుకితే ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ అడగండి. ఇందులో ట్రయాక్ ఉండదు, ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అర సైకిలును మొదట్లో కాకుండా చివర్లో కోస్తుంది. వోల్టేజి సున్నా నుంచి మెల్లగా ఎక్కుతుంది కాబట్టి దూకు ఉండదు, గుయ్‌మనడం బాగా తగ్గుతుంది. కొన్నింటికి నాబ్ వెనక కనీస వెలుగు సరిచేసుకునే చిన్న మర ఉంటుంది. మిణుకు ఎక్కడ మొదలవుతుందో దానికి కొంచెం పైన ఆ మరను ఆపండి.

డిమ్మర్ మార్చకుండా లోడు పెంచాలంటే మాస్టారి ఇంటి పద్ధతి. ఇందులో జరిగే తప్పు: ఆ ఫిలమెంట్ బల్బును పక్క స్విచ్చి మీద పెడతారు. అది డిమ్మర్ నుంచి వచ్చే వైరు మీదే, ఎల్‌ఈడీలకు పారలల్‌గా ఉండాలి, లేకపోతే పనిచేయదు. "జీరో బల్బు" పెట్టవచ్చా అంటే, 15 వాట్ల ఫిలమెంట్ రకం కొంత సాయం చేస్తుంది. ఇప్పుడు దొరికే అర వాటు ఎల్‌ఈడీ జీరో బల్బు ఏమీ చేయదు. బోర్డు బాక్సులో పెద్ద రెసిస్టరు ఇరికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది గాలాడని చోట పగలూ రాత్రీ వేడెక్కుతుంది.

దశ 7: నిజంగా కుదిరిందో లేదో చూసుకోవడం

పగలు ఒకసారి చూసి అయిపోయిందనుకోకండి. రాత్రి ఏడు, ఎనిమిది మధ్య లైను వోల్టేజి తగ్గినప్పుడు చూడండి. నాబ్ అడుగున పెట్టినచోట పగలు వెలిగిన బల్బు అప్పుడు ఆరిపోవచ్చు. డయాక్‌కు కావలసిన 32 వోల్టులు మారవు, దాన్ని నింపే లైను మాత్రం తగ్గింది.

ఫోను కెమెరాను బల్బు వైపు పెడితే తెర మీద చారలు కదులుతాయి. చాలామంది దీనికే టెన్షన్ పడతారు. ఆ చారలు సెకనుకు 100 కోతల గుర్తు, ఒకే తీరుగా సాగుతుంటే పరవాలేదు. చార ఉన్నట్టుండి తెగినా, తెరంతా ఒక్కసారి నల్లబడి వచ్చినా అదే మిణుకు. ఫోన్లో స్లో మోషన్ ఉంటే అర నిమిషం తీసి చూడండి, కన్ను వదిలేసినవి కూడా దొరుకుతాయి.

మల్టీమీటరు మాట. నాబ్ సగంలో పెట్టి, ఫిలమెంట్ బల్బు దగ్గర కొలిస్తే చవక మీటరు 115 వోల్టులు చూపిస్తుంది, కోసిన అలను కూడా సరిగ్గా కొలిచే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు 163 చూపిస్తుంది. రెండోదే నిజం. మొదటిది నున్నటి అల అనుకుని లెక్క కడుతుంది, కోసిన అలకు ఆ లెక్క చెల్లదు. ఆ 115 చూసి డిమ్మర్ పోయిందని మార్చేసినవాళ్లు ఉన్నారు.

చివరగా అరగంట వెలిగించి డిమ్మర్ ప్లేటు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉండొచ్చు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే లోడు ఎక్కువైంది, లేదా లోపల వదులు ఉంది. అంతా బాగుంటే, రాత్రి ఎనిమిదింటికి నిలకడగా వెలిగిన అతి తక్కువ చోట నాబ్ పక్కన ప్లేటు మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. మాస్టారి ఇంట్లో ఆ గీతను మామ్మగారు గోళ్లరంగుతో దిద్దారు, చీకట్లో కూడా కనిపించాలని.